పోస్టు తీసేశామని నోటీసు వస్తే ఎలా చదవాలి, అప్పీల్ ఎలా చేయాలి?

"మీ పోస్టు మా కమ్యూనిటీ మార్గదర్శకాలకు విరుద్ధంగా ఉంది" అన్న నోటీసు చూడగానే టెన్షన్ రావడం సహజం. ఆ టెన్షన్‌లో కొందరు నోటీసు పూర్తిగా చదవకుండానే అప్పీల్ బటన్ నొక్కేస్తారు. ఇంకొందరు పోస్టును డిలీట్ చేసి, గొడవ వదిలిందనుకుంటారు. రెండింటివల్లా నష్టమే. చాలాచోట్ల ఒక నిర్ణయం మీద అప్పీల్‌కు ఒకే అవకాశం ఉంటుంది. డిలీట్ చేసినంత మాత్రాన అకౌంట్ మీద పడ్డ స్ట్రైక్, అంటే నియమం దాటినట్టు కంపెనీ లెక్కలో వేసే గుర్తు, పోదు. యూట్యూబ్ ఈ సంగతి తన నియమాల్లోనే స్పష్టంగా చెప్పింది: వీడియో తీసేసినా స్ట్రైక్ ఉంటుంది.

1. నోటీసు అసలుదేనా?

మొదట చూడాల్సింది ఇదే. "మీ పేజీ 24 గంటల్లో శాశ్వతంగా తొలగిపోతుంది, అప్పీల్ కోసం ఈ లింక్ నొక్కండి" అంటూ మెసేజ్‌లోనో, కామెంట్‌లోనో, మెయిల్‌లోనో వచ్చేవి చాలావరకు పాస్‌వర్డ్ కొట్టేయడానికి వేసే వలలు. కంపెనీ లోగో ఉన్నంత మాత్రాన నమ్మకండి.

పరీక్ష తేలికే. లింక్ నొక్కకుండా యాప్‌ను మీరే తెరవండి. ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే సెట్టింగ్స్‌లో Account Status, ఫేస్‌బుక్‌లో Support Inbox, యూట్యూబ్‌లో అయితే YouTube Studio చూడండి. నిజంగా చర్య తీసుకుని ఉంటే ఆ వివరం అక్కడ కనిపిస్తుంది. అక్కడ ఏమీ లేకపోతే ఆ మెసేజ్‌ను పక్కన పెట్టేయండి. అలాంటి లింక్‌లో తెరుచుకుని పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ అడిగే అప్పీల్ ఫారం ఏదైనా మోసమే అనుకోండి.

2. నోటీసును దాచుకోండి

నోటీసు మొత్తాన్ని స్క్రీన్‌షాట్ తీయండి. తేదీ, నియమం పేరు, ఆంక్ష ముగిసే రోజు, రిఫరెన్స్ నంబర్ ఉంటే అది కూడా అందులో కనిపించాలి. తొలగించిన పోస్టు మీకు ఇంకా కనిపిస్తుంటే దాన్నీ, దాని కింద మీరు రాసిన మాటల్నీ కాపీ చేసి పెట్టుకోండి. అదే పోస్టును వెంటనే మళ్లీ పెట్టకండి. రెండోసారి తొలగిస్తే దాన్ని కొత్త ఉల్లంఘనగా లెక్కేసే ప్రమాదం ఉంది.

3. ఏ నియమం, ఏ వస్తువు, ఏ శిక్ష?

నోటీసులో మూడు వేర్వేరు సంగతులు కలిసి ఉంటాయి. వాటిని విడదీసి చదివితే సగం పని అయినట్టే.

మొదటిది, ఏ నియమం. "కమ్యూనిటీ మార్గదర్శకాలు" అన్నది పెద్ద గొడుగు. దాని కింద స్పామ్, మోసాలు, హింస, ద్వేష ప్రసంగం, నగ్నత్వం ఇలా చాలా విభాగాలున్నాయి. మీ నోటీసులో ఏ విభాగం పేరుందో చూసి, ఆ విభాగం పేజీని తెరిచి పూర్తిగా చదవండి. ముఖ్యంగా మినహాయింపుల భాగాన్ని వదలకండి. అవగాహన కల్పించడానికి, ఖండించడానికి, వార్తగా చెప్పడానికి పెట్టినవాటిని కొన్ని విభాగాల్లో అనుమతిస్తారు. మీ అప్పీల్‌కు బలం వచ్చేది అక్కడి నుంచే. నోటీసులో కాపీరైట్ అని ఉంటే మాత్రం దారి వేరు. దాని ఫారం వేరు, అందులో అబద్ధం చెబితే చట్టపరమైన చిక్కులుంటాయి. ఈ వ్యాసం దాని గురించి కాదు.

రెండోది, ఏ వస్తువు. ఫొటోనా, కింద రాసిన వాక్యమా, కామెంటా, వీడియో శీర్షికా, లింకా? చాలామంది ఫొటో బాగానే ఉంది కదా అని వాదిస్తుంటారు, తీరా చూస్తే అభ్యంతరం లింక్ మీద ఉంటుంది.

మూడోది, ఏ శిక్ష. పోస్టును మాత్రమే తీసేశారా, రీచ్ తగ్గించారా, కొన్ని పనులు ఆపారా, అకౌంటే సస్పెండ్ చేశారా అన్నది చూడాలి. పోస్టు తీయడం ఒక నిర్ణయం, దానికి స్ట్రైక్ వేయడం ఇంకో నిర్ణయం. కొన్నిసార్లు పోస్టు పోతుంది కానీ స్ట్రైక్ పడదు.

స్ట్రైక్‌ల లెక్క కంపెనీని బట్టి మారుతుంది. యూట్యూబ్‌లో మొదటి ఉల్లంఘనకు మామూలుగా హెచ్చరిక మాత్రమే వస్తుంది. ఆ తర్వాత పడే మొదటి స్ట్రైక్‌కు ఒక వారం పాటు వీడియోలు, లైవ్‌లు పెట్టలేరు. 90 రోజుల్లోపే రెండోది పడితే రెండు వారాలు. ఆ 90 రోజుల్లోనే మూడోది కూడా పడితే ఛానల్‌నే తొలగిస్తారు. ఫేస్‌బుక్ పద్ధతి దీనికంటే నెమ్మదిగా సాగుతుంది. 2023లో మార్చిన విధానం ప్రకారం మొదటి స్ట్రైక్‌కు హెచ్చరిక వస్తుంది. రెండు నుంచి ఆరు వరకు గ్రూపుల్లో పోస్ట్ చేయడం లాంటి కొన్ని పనులను కొంతకాలం ఆపుతారు. ఏడో స్ట్రైక్ నుంచి కొత్త పోస్టులే పెట్టనివ్వరు, మొదట ఒక రోజు, తర్వాత మూడు రోజులు, ఏడు రోజులు, పదో స్ట్రైక్ నుంచి 30 రోజులు. తీవ్రమైన ఉల్లంఘనలకు ఈ మెట్లు వర్తించవు, నేరుగా పెద్ద శిక్షే పడవచ్చు.

4. ఒక నోటీసు చదివి చూద్దాం

ఒకామె ఫోన్‌కు "మీ పార్సిల్ ఆగిపోయింది, ఈ లింక్‌లో డబ్బు కట్టండి" అని మోసపు మెసేజ్ వచ్చిందనుకుందాం. నలుగురూ జాగ్రత్తపడతారని ఆమె దాని స్క్రీన్‌షాట్‌ను ఫేస్‌బుక్‌లో పెట్టి, కింద "నమ్మకండి" అని రాసింది. మర్నాడు నోటీసు వచ్చింది: పోస్టు తొలగించారు, కారణం మోసాలకు సంబంధించిన నియమం, మూడు రోజులు గ్రూపుల్లో పోస్ట్ చేయలేరు.

దీని నుంచి ఏం తెలుస్తుంది? నియమం మోసాల గురించి. వస్తువు స్క్రీన్‌షాట్, ఎందుకంటే అందులో మోసపు లింక్ పూర్తిగా చదవడానికి వీలుగా ఉంది. ఆమె హెచ్చరిక ఫొటో మీద లేదు, విడిగా కింద ఉంది. ఇక శిక్షను చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. గ్రూపుల మీద ఆంక్ష పడిందంటే ఇది బహుశా మొదటి స్ట్రైక్ కాదు. అంతకుముందు ఆమె గమనించకుండా పోయిన స్ట్రైక్ ఒకటి ఉండి ఉండాలి. అందుకే ఈ నోటీసుతో ఆగకుండా పాత నోటీసులన్నీ చూడాలి. ఆ పాతది కూడా పొరపాటే అయితే, గడువు మిగిలి ఉంటే, దాని మీదా అప్పీల్ చేయవచ్చు. అది రద్దయితే లెక్క తగ్గుతుంది. అప్పీల్ అనగానే అందరి దృష్టీ పోయిన పోస్టు మీదే ఉంటుంది గానీ, నా లెక్కలో స్ట్రైక్ తొలగించుకోవడమే ఎక్కువ ముఖ్యం.

ఫొటో, దాని సందర్భం విడిపోతే ఏమవుతుందో చూపించే అసలు ఉదాహరణ ఒకటుంది. 2020లో బ్రెజిల్‌లో ఒకరు రొమ్ము క్యాన్సర్ లక్షణాలను చూపించే ఫొటోలను అవగాహన కోసం ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. నగ్నత్వం కింద యంత్రమే వాటిని తొలగించింది. ఆరోగ్య అవగాహనకు మినహాయింపు ఆ నియమాల్లోనే ఉంది. పోర్చుగీసులో ఉన్న "రొమ్ము క్యాన్సర్" అన్న మాటను యంత్రం పట్టుకోలేకపోయింది. ఫేస్‌బుక్ కంపెనీ నిర్ణయాలను సమీక్షించే ఓవర్‌సైట్ బోర్డు ఆ కేసును చేపట్టాక కంపెనీ పోస్టును తిరిగి పెట్టింది. ఆ తొలగింపు తప్పని 2021 జనవరిలో బోర్డు తీర్పు చెప్పింది. యంత్రం తీసేసిన పోస్టు మీద అప్పీల్ దండగ కాదని చెప్పడానికి ఈ ఒక్క కేసు చాలు.

5. అప్పీల్ రాయడం

నోటీసులోనే Request review, Disagree with decision లేదా Appeal అన్న బటన్ ఉంటుంది. యాప్ భాషను, వెర్షన్‌ను బట్టి మాట మారవచ్చు. యూట్యూబ్‌లో మీ వాదన రాయడానికి చోటిస్తారు. కొన్నిచోట్ల ఇచ్చిన కారణాల్లోంచి ఒకటి ఎంచుకోవడమే ఉంటుంది. అప్పుడు మినహాయింపుకు దగ్గరగా ఉన్న కారణాన్నే ఎంచుకోండి, "నాకు నచ్చలేదు" అన్న అర్థం వచ్చేదాన్ని కాదు.

రాయడానికి చోటుంటే కోపం, బతిమాలడం, ఎన్నేళ్లుగా అకౌంట్ ఉందన్న చరిత్ర, ఇవేవీ అక్కర్లేదు. చూసేవాళ్లకు సమయం తక్కువ. పోస్టులో ఏముంది, ఎందుకు పెట్టారు, నియమంలోని ఏ మాట దాన్ని అనుమతిస్తుంది, ఈ మూడూ చాలు. పైన చెప్పినామె ఇలా రాయవచ్చు:

"ఈ ఫొటోలో ఉన్నది నాకు వచ్చిన మోసపు మెసేజ్. దాన్ని నేను ప్రచారం చేయలేదు. కింద 'నమ్మకండి' అని రాసి హెచ్చరించాను. మోసాలను ఖండిస్తూ, అవగాహన కోసం పెట్టేవాటిని మీ నియమం అనుమతిస్తుంది. లింక్ కనిపించడమే అభ్యంతరమైతే దాన్ని చెరిపి పెడతాను. పోస్టు పునరుద్ధరించినా, లేకున్నా, స్ట్రైక్ తొలగించమని కోరుతున్నాను."

ఇందులో "అనుమతిస్తుంది" అన్న వాక్యం ఆమె ఆ నియమం పేజీ చదివి, అక్కడ అలాంటి మాట ఉందని చూశాకే రాయాలి. లేని మినహాయింపును చెబితే అప్పీల్ బలహీనపడుతుంది. చివరి వాక్యమూ ఊరికే పెట్టింది కాదు. పోస్టు తీయడం, స్ట్రైక్ వేయడం వేర్వేరు నిర్ణయాలని పైన చూశాం కదా. యూట్యూబ్‌లో వీడియో తిరిగి వచ్చినా వయసు పరిమితితో రావచ్చు.

పోస్టులో వేళాకోళం, యాస, సామెత లాంటివి ఉంటే వాటి భావాన్ని ఒక్క వాక్యంలో వివరించండి. స్నేహితుణ్ణి ఆటపట్టించిన మాట, విడిగా చదివితే బెదిరింపులా కనిపించవచ్చు.

అసలు మీ పోస్టు నియమాన్ని నిజంగానే దాటిందని చదివాక అనిపిస్తే అప్పీల్ చేయకండి. ఆంక్ష ముగిసేదాకా ఆగి, స్ట్రైక్ గడువు తీరే తేదీ రాసుకోండి. యూట్యూబ్‌లో అది 90 రోజులు, ఫేస్‌బుక్‌లో ఏడాది.

6. పంపాక

నిర్ణయం వచ్చేదాకా ఆంక్ష కొనసాగుతుందనే అనుకోండి. ఈలోగా రెండో అకౌంట్ తెరిచి అదే పని చేయడం వద్దు. ఆంక్షను తప్పించుకోవడాన్ని విడిగా ఒక ఉల్లంఘనగా చూస్తారు, దాంతో మంచి అప్పీల్ కూడా పాడవుతుంది.

జవాబు అనుకూలంగా వస్తే పోస్టు తిరిగి వచ్చిందా అని మాత్రమే చూసి వదిలేయకండి. అకౌంట్ స్థితి పేజీకి వెళ్లి స్ట్రైక్ కూడా పోయిందో లేదో చూడండి. ప్రతికూలంగా వస్తే, యూట్యూబ్‌లో ఆ స్ట్రైక్ మీద రెండో అప్పీల్ ఉండదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, థ్రెడ్స్‌లో మాత్రం కంపెనీ చివరి నిర్ణయం తర్వాత కొన్ని కేసులకు రిఫరెన్స్ నంబర్ ఇస్తారు. ఆ నంబర్‌తో 15 రోజుల్లోపు ఓవర్‌సైట్ బోర్డు వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయవచ్చు. బోర్డు ఎంచుకునేవి చాలా తక్కువ కేసులు కాబట్టి, మీ ఒక్కరి పోస్టును మించిన ప్రశ్న అందులో ఉంటేనే ఆ దారి పట్టండి.

ఆమె హెచ్చరిక పోస్టు మళ్లీ పెట్టాలనుకుంటే, ఆంక్ష తీరాక లింక్ మీద మందంగా గీత గీసి, "ఇది మోసం" అని ఫొటో మీదే పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. ఫొటో ఎవరు షేర్ చేసినా అప్పుడు హెచ్చరిక దాంతోనే వెళ్తుంది.