పాల సొసైటీలో చేరమని రైతులతో ఎలా మాట్లాడాలి?

హైదరాబాద్ చుట్టుపక్కల, చేవెళ్ల వైపో ఇబ్రహీంపట్నం వైపో, మీ ఊళ్లో పాల సొసైటీ పెడుతున్నారు, నాలుగు మాటలు చెప్పే పని మీ మీద పడింది. ముందు టైమ్ చూసుకోండి. పాలు పిండే వేళకు మీటింగ్ పెడితే ఎవరూ రారు. రాత్రి ఏడున్నర దాటాక పెట్టండి, బర్రెలను చూసుకునేది ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి వాళ్లను తప్పకుండా పిలవండి.

మాట మొదలుపెట్టడమే లెక్కతో మొదలుపెట్టండి. పక్క ఊరి సొసైటీ నుంచి ఒక పాల చీటీ తెచ్చి, బోర్డు మీద అందరి ముందూ వేసి చూపించండి: "అన్నా, పొద్దున ఐదు లీటర్లు పోశావు, తూకంలో అది దాదాపు 5.15 కిలోలు. వెన్న 6.5 శాతం వచ్చిందంటే అందులో వెన్న 335 గ్రాములు. కిలో వెన్నకు 800 అనుకుంటే నీకు 268 రూపాయలు. వెన్న చూడకుండా లీటరుకు 45 ఇచ్చే వ్యాపారి దగ్గర వచ్చేది 225." ఈ 800 లెక్క కోసం అనుకున్నదే, మీరు మాత్రం మీ డెయిరీ రేటు చార్టులో ఆ రోజున్న అంకె వేయండి, వెన్నతో పాటు ఎస్‌ఎన్‌ఎఫ్‌కు, అంటే పాలలో నీళ్లూ వెన్నా పోగా మిగిలే గట్టి పదార్థానికి కూడా వేరే రేటు ఉంటే అదీ కలపండి.

అక్కడితో ఆపకండి. అవే పాలకు వెన్న 5 శాతమే వస్తే 206 రూపాయలే, అప్పుడు వ్యాపారే నయం. ఈ మాట మీరే చెప్పాలి, లేకపోతే మొదటి బిల్లు చెబుతుంది, ఆ తర్వాత మీ మాట ఎవరూ వినరు.

"మొన్న ఆరున్నర వచ్చింది, ఇవాళ ఐదేంది, మిషన్‌లో మోసం ఉంది" అని ఎవరో ఒకరు లేస్తారు. కోప్పడకండి, రెండు కారణాలు నెమ్మదిగా చెప్పండి. పొదుగులో చివరికి వచ్చే పాలలోనే వెన్న ఎక్కువ, అవి దూడకు వదిలేస్తే కేంద్రంలో శాతం పడిపోతుంది. రెండోది, పాలు కాసేపు కదలకుండా ఉంటే వెన్న పైకి తేలుతుంది, బాగా కలపకుండా శాంపిల్ తీస్తే అంకె తప్పు వస్తుంది. "అక్కా, కలిపాకే శాంపిల్ తీయమని నిలబడి అడుగు, చీటీ చూడకుండా ఇంటికి పోకు" అని చెప్పండి.

ఇక డబ్బులు. "టైమ్‌కి ఇస్తాం" అంటే ఎవరూ నమ్మరు, తేదీ చెప్పాలి. పదిహేను రోజులకోసారి బ్యాంకు ఖాతాలో వేస్తామని డెయిరీ వాళ్లు రాసిస్తేనే ఆ మాట ఎత్తండి, ఆ కాగితం పైకి చదవండి. దాణా బాకీ బిల్లులో కోసుకుంటారనీ ముందే చెప్పండి.

అసలు అడ్డంకి వ్యాపారి ఇచ్చిన అడ్వాన్సు. పండక్కో పెళ్లికో డబ్బు తీసుకున్న రైతు రేపే పాలు మళ్లించలేడు, అలాంటివాళ్లను అందరి ముందు ఒత్తిడి చేయొద్దు. "బాకీ తీరాక రా, పేరు ఇప్పుడే రాసుకుంటాం" అనండి. చివరగా వాటా డబ్బు అడిగే ముందు, పూటకు ఎన్ని లీటర్లు పోయగలరో ఇంటింటికీ నోట్‌బుక్‌లో రాసుకోండి. బండి మీ ఊరి దాకా వస్తుందా రాదా అనేది ఆ మొత్తమే తేలుస్తుంది.