అల్ట్రాసౌండ్ మెషిన్‌కి కొటేషన్ ఇచ్చే ముందు జాగ్రత్తలు

పర్చేజ్ కమిటీకి వెళ్లిన ఫైలు తేలడానికి ఒక్కోసారి ఆరు నెలలు పడుతుంది. కాబట్టి చూసుకోవాల్సినవన్నీ కాగితం ఇవ్వకముందే చూసుకోండి.

☐ ముందుగా ఆసుపత్రి రిజిస్ట్రేషన్. గర్భంలోని బిడ్డ లింగ నిర్ధారణను నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం కింద నమోదు కాని చోటికి ఈ మెషిన్ అమ్మకూడదు, ఉచితంగా వాడుకోమని కూడా ఇవ్వకూడదు. డెమో కూడా అందులోకే వస్తుంది. సర్టిఫికెట్ ఐదేళ్లే చెల్లుతుంది. కాపీ తీసుకుని గడువు తేదీ స్వయంగా చూడండి, ఫైలు నడుస్తుండగానే అది ముగిసిపోవచ్చు.

☐ కొటేషన్ గడువు. ఒకసారి నేను అలవాటుగా 30 రోజులని రాసిచ్చాను. ఆర్డరు ఐదో నెలలో వచ్చింది. ఆలోపు డాలరు పెరిగి కంపెనీ ధర మార్చేసింది. కొత్త ధర చెప్పేసరికి ఫైలు మళ్లీ కమిటీకే వెళ్లింది, ఆ డాక్టరుగారు ఇంకో మూడు నెలలు పాత మెషిన్‌తోనే నెట్టుకొచ్చారు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఇప్పుడు 180 రోజుల ధరకు కంపెనీ నుంచి మెయిల్ వచ్చాకే కొటేషన్ ఇస్తాను.

☐ సీఎంసీ ధర, అంటే వారంటీ అయ్యాక విడిభాగాలతో సహా మెషిన్ నిర్వహణ చూసుకునే ఒప్పందం ధర. చాలా కమిటీలు వారంటీ తర్వాతి ఐదేళ్ల ఖర్చు కూడా కలిపి పోలుస్తాయి. మీ మెషిన్ 18 లక్షలు, సీఎంసీ ఏడాదికి 5 శాతం అనుకోండి: మొత్తం 22.5 లక్షలు. అవతలివాళ్లది 19 లక్షలే అయినా 3 శాతమైతే 21.85 లక్షలు. ఆర్డరు వాళ్లకే. ప్రోబ్‌లు సీఎంసీలో ఉన్నాయో లేదో స్పష్టంగా రాయండి, గొడవలు ఎక్కువగా వచ్చేది అక్కడే.

☐ బయోమెడికల్ ఇంజనీరు సంతకం చేసిన డెమో రిపోర్టు. ఆయన మధ్యలో మారిపోయినా ఫైల్లో అది ఉంటుంది.