పోటీ నిషేధ షరతు నుంచి విడుదల కోరుతూ పాత యాజమాన్యానికి లేఖ: నా అనుభవం

హైదరాబాద్‌లో పేరోల్ సేవలందించే సంస్థలో రాజీనామా చేసి అదే రంగంలోని మరో సంస్థలో చేరబోతుండగా, పాత నియామక పత్రంలోని రెండు షరతులు అడ్డువచ్చాయి: ఏడాదిపాటు పోటీ సంస్థలో పనిచేయరాదు, పాత క్లయింట్లను వ్యాపారం కోసం సంప్రదించరాదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 27వ సెక్షన్ ప్రకారం ఉద్యోగం మానేశాక వర్తించే మొదటి తరహా షరతు సాధారణంగా చెల్లదు; అయినా కొత్త సంస్థ రాతపూర్వక విడుదల అడిగింది. రెండో తరహా షరతును మాత్రం కోర్టులు కొన్ని సందర్భాల్లో అమలు చేశాయి కాబట్టి, నా దృష్టిలో అసలు జాగ్రత్త అవసరమైనది దాని విషయంలోనే.

అందుకే అన్నిటినీ రద్దు చేయమనలేదు. క్లాజు సంఖ్య, కొత్త హోదా, చేరే తేదీ పేర్కొని ఇలా రాశాను: “ఈ క్లాజు చెల్లుబాటును నేను అంగీకరించినట్లు భావించకుండా, పై ఉద్యోగం మేరకు దాని కింద మీకున్న హక్కులను వదులుకుంటున్నట్లు ధ్రువీకరించగలరు.” నేను స్వయంగా చూసిన క్లయింట్లను గడువు ముగిసేవరకు సంప్రదించనని, గోప్యత బాధ్యత యథాతథంగా కొనసాగుతుందని, ల్యాప్‌టాప్, ఫైళ్లు అప్పగించిన రసీదు జతచేశానని కూడా తెలిపాను.

హెచ్ఆర్ నుంచి “మాకు అభ్యంతరం లేదు” అని ఒక మెయిల్ వచ్చింది. అందులో క్లాజు ప్రస్తావన గానీ, సంతకం చేసే అధికారమున్నవారి పేరు గానీ లేనందున, లెటర్‌హెడ్‌పై అధీకృత సంతకంతో ఇవ్వమని వినయంగా మళ్లీ కోరాను. క్లయింటు తనంతట తానుగా కొత్త సంస్థను సంప్రదిస్తే అది ఉల్లంఘన కాదన్న వాక్యాన్ని కూడా చేర్చమన్నాను. రెండూ ఒప్పుకుని పత్రం పంపారు.