వైఫైలో కలిసి, సిమ్ డేటాలో కలవని వీపీఎన్: ఫిర్యాదు, అప్పీలు దరఖాస్తు విధానం

ఇంట్లో వైఫై మీద ఆఫీసు వీపీఎన్ ఇట్టే కలుస్తుంది. అదే ఫోన్‌లో సిమ్ డేటాకు మారితే కలవదు, బ్రౌజరు మాత్రం మామూలుగానే నడుస్తుంది. వీపీఎన్ వాడే యూడీపీ పోర్టును ఆపరేటర్ తన నెట్‌వర్కులో ఆపేస్తే సరిగ్గా ఇలాగే ఉంటుంది. దాన్ని తెరిపించుకోవడానికి ప్రత్యేకమైన ఫారం ఏదీ లేదు. ట్రాయ్ 2012 నియమావళి ప్రకారం ముందు ఆపరేటర్ ఫిర్యాదు కేంద్రానికి, అక్కడ తేలకపోతే అదే కంపెనీ అప్పీలు అధికారికి వెళ్లాలి. రుసుం లేదు. సిమ్ ఎవరి పేరున ఉంటే వాళ్లే దరఖాస్తు పెడితే మంచిది. ఆఫీసు ఇచ్చిన సిమ్ అయితే ఆఫీసు తరఫున వెళ్లాలి.

అసలు పని ఫిర్యాదు కన్నా ముందే ఉంది. ఆధారం లేకుండా పోతే "నెట్ స్లో" అని రాసుకుని మూసేస్తారు.

హనుమకొండలో ఉండే ఉద్యోగి హైదరాబాద్ ఆఫీసు సర్వరుకు వైర్‌గార్డ్‌తో, 51820 పోర్టు మీద కలుస్తున్నాడనుకుందాం. సిమ్ డేటాలో అతని యాప్‌లో పంపిన బైట్లు పెరుగుతుంటాయి, అందినవి సున్నా దగ్గరే ఉంటాయి. అప్పుడు ఆఫీసులో సర్వరు చూసేవాళ్లతో ఈ ఆదేశం నడిపించాలి (`eth0` బదులు అక్కడి ఇంటర్‌ఫేస్ పేరు ఇవ్వాలి):

```
sudo tcpdump -ni eth0 udp port 51820
```

వైఫై మీద కలిపినప్పుడు 148 బైట్ల ప్యాకెట్ లోపలికి రావడం, 92 బైట్ల జవాబు బయటికి పోవడం కనిపిస్తాయి. సిమ్ డేటా మీద ఒక్క వరుసా రాకపోతే ప్యాకెట్ దారిలోనే ఆగిందన్నమాట. 148 వచ్చి, 92 పోయి, అయిదేసి సెకన్లకు అదే మళ్లీ మళ్లీ జరుగుతుంటే జవాబు ఫోన్‌కు చేరడం లేదు.

ఇంతటితో పోర్టే కారణమని తేలదు. అదే సర్వరుకు మరో వాకిలి తెరిచి చూడాలి:

```
sudo iptables -t nat -A PREROUTING -i eth0 -p udp --dport 443 -j REDIRECT --to-ports 51820
```

ఆఫీసు ఫైర్‌వాల్‌లో యూడీపీ 443ను కూడా అనుమతించి, ఫోన్‌లో పోర్టు 443గా మార్చి, అదే సిమ్‌తో అదే చోట నుంచి కలపాలి. ఇప్పుడు కలిస్తే అడ్డు 51820 పోర్టు దగ్గరేనన్నమాట. 443 మీద కూడా కలవకపోతే ఆపరేటర్ యూడీపీనో, వైర్‌గార్డ్ తీరునో గుర్తించి ఆపుతుండవచ్చు. ఫిర్యాదులో ఆ సంగతి వేరుగా రాయాలి. వేరే కంపెనీ సిమ్‌తో 51820 మీద కలిసిందా లేదా అన్నది కూడా చూసుకుంటే ఆధారం గట్టిపడుతుంది.

పోర్టుతో సంబంధం లేని తంటాలు రెండున్నాయి. వీపీఎన్ కలిసి పేజీలు మాత్రం తెరుచుకోకపోతే ఎంటీయూ 1280కి తగ్గించి చూడండి. కాసేపు ఊరుకుంటే తెగిపోతుంటే `PersistentKeepalive = 25` పెట్టండి. వీటికి ఫిర్యాదు అక్కర్లేదు.

ఇక 198కి ఫోన్ చేయండి. "నెట్ పనిచేయట్లేదు" అనకండి, ఇలా చెప్పి ఇలాగే రాయించండి: "యూడీపీ 51820 పోర్టుకు పోయే ప్యాకెట్లు మీ నెట్‌వర్కులో ఆగుతున్నాయి. అదే సిమ్‌లో 443 పనిచేస్తోంది. నెట్‌వర్కు విభాగానికి పంపండి." తేదీ, సమయం, ఉన్న ప్రాంతం, సర్వరు ఐపీ చెప్పండి. ఫోన్ ఆపి తెరవమంటారు, ఏపీఎన్ మార్చమంటారు. అవి ముందే చేసి ఉంటే అక్కడ సమయం పోదు. డాకెట్ నంబరు ఎస్‌ఎంఎస్‌ను దాచుకోండి, అది లేనిదే అప్పీలు సాగదు. వీపీఎన్ ప్రైవేటు కీ, కాన్ఫిగరేషన్ క్యూఆర్ కోడ్ ఎవరడిగినా పంపకండి.

సేవా అంతరాయం ఫిర్యాదుకు గడువు 3 రోజులు. అది తీరాక 30 రోజుల్లోపు అప్పీలు పెట్టాలి. అప్పీలు అధికారి చిరునామా, ఈమెయిల్ ఆపరేటర్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. డాకెట్ నంబరు, వాళ్లిచ్చిన జవాబు, రెండు పోర్టుల ఫలితాలు జతచేయండి. 2018లో లైసెన్సు షరతుల్లో చేరిన నెట్ న్యూట్రాలిటీ నియమాన్ని ఒక్క వాక్యంలో ప్రస్తావించండి: ప్రోటోకాల్‌ను బట్టి వివక్ష కూడదన్నది అందులో ఉంది. అయితే సహేతుకమైన ట్రాఫిక్ నిర్వహణకు మినహాయింపు కూడా ఉంది. అందుకే ఆ మినహాయింపు కిందే ఆపారా, ఎందుకు ఆపారు అని రాతపూర్వకంగా అడగడం తెలివైన పని. అప్పీలుపై నిర్ణయానికి గడువు 39 రోజులు.

విడి ఫిర్యాదులను ట్రాయ్ నేరుగా పరిష్కరించదు, అక్కడికి రాసి రోజులు పోగొట్టుకోకండి. అప్పీలులోనూ తేలకపోతే `pgportal.gov.in`లో టెలికాం శాఖను ఎంచుకుని, రెండు దశల కాగితాలూ జతచేయండి.

ఈలోగా 443 మీద పని నడుపుకోవచ్చు. కానీ ఆపరేటర్ మనిషి పరీక్షకు ఫోన్ చేసినప్పుడు 51820కి మార్చి చూపించండి. లేదంటే వీపీఎన్ కలుస్తోందని రాసుకుని ఫిర్యాదు మూసేస్తారు.