సౌదీ ఉద్యోగం: పాస్‌పోర్ట్ ఇచ్చే ముందు ఏజెన్సీ నుంచి రాతలో తీసుకోవాల్సినవి

"సౌదీలో ఎలక్ట్రీషియన్ పని. నెలకు 1,600 రియాళ్లు. వీసా రెడీగా ఉంది, రేపే మెడికల్ చేయించుకో, పాస్‌పోర్ట్ పంపించు." కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు వైపు ఈ మాటలు ఫోన్లో విననివాళ్లు తక్కువ. ఇందులో జీతం, వీసా, మెడికల్ మూడూ ఉన్నాయి కానీ ఏదీ రాతలో లేదు. అక్కడికి వెళ్లాక జీతం తగ్గిందనో, పని వేరే ఇచ్చారనో ఫిర్యాదు చేస్తే అధికారులు ముందుగా అడిగేది కాగితమే. కాబట్టి పాస్‌పోర్ట్, డబ్బు చేతులు మారకముందే ఏజెన్సీకి ఒక లేఖ రాసి, జవాబు రాతలో తెప్పించుకోవాలి. దీనికి ప్రత్యేకమైన ఫారం లేదు. మామూలు ఈమెయిల్ చాలు.

లేఖ ఎవరికి రాయాలి

మీతో మాట్లాడే మనిషికి కాదు. ఊళ్లో తిరిగే ఏజెంట్ చాలాసార్లు సబ్-ఏజెంట్. మన దేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపాలంటే విదేశాంగ శాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉండాలి. సబ్-ఏజెంట్‌కు అది ఉండదు, అతని మాటకు చట్టంలో విలువా ఉండదు. ముందుగా "మీరు ఏ కంపెనీ తరఫున మాట్లాడుతున్నారు, రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత" అని అడగండి. ఆ పేరును emigrate.gov.in లో రిజిస్టర్ అయిన ఏజెంట్ల జాబితాలో వెతకండి. రిజిస్ట్రేషన్ ఇప్పుడు చెల్లుబాటులో ఉందా, రద్దయిందా, సస్పెన్షన్‌లో ఉందా అన్నది అక్కడే కనిపిస్తుంది. అక్కడున్న ఆఫీసు చిరునామాకే లేఖ వెళ్లాలి. ఏజెంట్ వాట్సాప్‌లో పంపిన జీమెయిల్ ఐడీకి రాస్తే, రేపు ఆ ఐడీ తమది కాదని ఆఫీసు అనేస్తుంది.

ఆఫీసు ముంబైలో ఉంటే లేఖ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి. హైదరాబాద్ అయితే తెలుగు సరిపోతుంది. ఈమెయిల్‌తో పాటు అదే లేఖను స్పీడ్ పోస్ట్‌లో కూడా పంపి, రసీదు దాచుకోండి.

ప్రశ్న ఎలా అడగాలి

"జీతం అంతా ఓకేనా సార్" అని రాస్తే "ఓకే" అనే జవాబు వస్తుంది. దాని వల్ల ఒరిగేదేమీ లేదు. జవాబులో అంకె, పేరు, తేదీ తప్పక రాయాల్సి వచ్చేలా అడగాలి. పైన చెప్పిన ఎలక్ట్రీషియన్ ఉద్యోగానికి లేఖ ఇలా ఉండవచ్చు:

*అయ్యా,*

*మీ ఏజెన్సీ ద్వారా సౌదీ అరేబియాలో ఎలక్ట్రీషియన్ ఉద్యోగం ఉందని మీ తరఫున ఫలానా వ్యక్తి ఫలానా తేదీన ఫోన్లో నాకు చెప్పారు. పాస్‌పోర్ట్ ఇచ్చే ముందు కింది విషయాలు రాతపూర్వకంగా తెలపగలరు.*

*1. నాకు ఉద్యోగం ఇచ్చే కంపెనీ పూర్తి పేరు, పని చేసే ఊరు. ఆ కంపెనీ మీకు ఇచ్చిన డిమాండ్ లెటర్, ఉద్యోగ ఒప్పందం నమూనా కాపీలు.*

*2. మూల వేతనం ఎన్ని రియాళ్లు? భోజనం, వసతి, రవాణా కంపెనీ ఇస్తుందా, బదులుగా డబ్బు ఇస్తుందా, ఎంత? చెప్పిన 1,600 రియాళ్లలో ఓవర్‌టైం కలిసి ఉందా?*

*3. రోజుకు ఎన్ని గంటల పని? ఒప్పందం ఎన్నేళ్లు? ప్రొబేషన్ ఎన్ని రోజులు? సెలవు, తిరుగు టికెట్ నిబంధనలు ఏమిటి?*

*4. వీసాపై రాసే వృత్తి ఏమిటి? అది ఉద్యోగ వీసాయేనా? వీసా కంపెనీ పేరు మీదే ఉందా?*

*5. మెడికల్ ఎప్పుడు చేయించుకోవాలి, ఖర్చు ఎవరిది? అన్‌ఫిట్ వస్తే, లేదా వీసా రాకపోతే, నేను కట్టిన డబ్బు, పాస్‌పోర్ట్ ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు?*

*6. మీ సర్వీస్ చార్జీ ఎంత? ఏ బ్యాంకు ఖాతాకు కట్టాలి?*

*ఇట్లు, (పేరు, పాస్‌పోర్ట్ నంబర్, ఫోన్)*

ఈ ఆరింటిలో రెండోది, నాలుగోది, ఐదోది జాగ్రత్తగా చూడాలి. గొడవలు ఎక్కువగా పుట్టేది అక్కడే.

జీతం అంకెను విప్పి చూడటం

"మూల వేతనం 1,200, ఓవర్‌టైంతో కలిపి సుమారు 1,600, భోజనం కంపెనీదే" అని జవాబు వచ్చిందనుకుందాం. లెక్క కడదాం. నెలకు 30 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున 240 గంటలు. 1,200 ను 240తో భాగిస్తే గంటకు 5 రియాళ్లు. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఓవర్‌టైం గంటకు మామూలు గంట వేతనంతో పాటు మూల వేతనంలో సగం అదనంగా ఇవ్వాలి. అంటే గంటకు 7.50 రియాళ్లు. మిగతా 400 రావాలంటే నెలకు దాదాపు 53 గంటల ఓవర్‌టైం చేయాలి. శుక్రవారాలు పోగా రోజూ పది గంటలు, నెల పొడుగునా పని చేస్తే తప్ప ఫోన్లో చెప్పిన జీతం చేతికి రాదు. సైట్‌లో ఓవర్‌టైం లేని నెలలో వచ్చేది 1,200 మాత్రమే. ఇల్లు గడవడానికి, అప్పు కట్టడానికి లెక్క వేసుకోవాల్సింది ఆ 1,200 మీదే.

ఇంకో మాట. అఖామా అంటే సౌదీలో ఉండటానికి ఇచ్చే నివాస అనుమతి కార్డు. ఆ అఖామా ఫీజు, వర్క్ పర్మిట్ ఫీజు, వాటి రెన్యువల్ సౌదీ చట్టంలో యజమాని బాధ్యత. ఒప్పందం ముగిశాక తిరుగు టికెట్ కూడా యజమానిదే. కార్మికుడు సరైన కారణం లేకుండా మధ్యలో వచ్చేస్తే మాత్రం టికెట్ అతనే పెట్టుకోవాలి. జవాబులో "అఖామా ఖర్చు జీతంలో కట్" అని ఉంటే అది చట్టానికి విరుద్ధం. అలాగని రాసే ఏజెన్సీతో అక్కడే ఆగిపోవడం మేలు.

మెడికల్

గల్ఫ్ దేశాలకు వెళ్లేవారికి గుర్తింపు పొందిన సెంటర్లలోనే పరీక్ష జరగాలి. పాతవాళ్లు దీన్ని ఇప్పటికీ గామ్కా మెడికల్ అంటారు. బుకింగ్ ఇప్పుడు wafid.com లో జరుగుతుంది. ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ వంటి పరీక్షలు చేస్తారు. ఫలితాన్ని అదే సైట్‌లో పాస్‌పోర్ట్ నంబర్‌తో మీరే చూసుకోవచ్చు. ఏజెంట్ "నీది ఫిట్ వచ్చింది" అని చెప్పే వరకు ఎదురు చూడనక్కర్లేదు.

తొందరపడి మెడికల్‌కు వెళ్లకపోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, రిపోర్టుకు గడువు ఉంటుంది. వీసా నంబరే లేకుండా చేయించుకుంటే గడువు దాటిపోయి మళ్లీ డబ్బు కట్టాల్సి వస్తుంది. రెండోది, అన్‌ఫిట్ అని నమోదైతే ఆ వివరం ఒక్క సెంటర్‌తో ఆగదు, మిగతా గల్ఫ్ దేశాలకూ కనిపిస్తుంది. గతంలో టీబీ వచ్చి తగ్గినవాళ్లకు ఊపిరితిత్తి మీద మచ్చ మిగిలి ఉంటే, ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నా ఎక్స్‌రేలో ఇబ్బంది అవుతుంది. అలాంటివాళ్లు ముందే ఊళ్లో డాక్టర్ దగ్గర ఎక్స్‌రే తీయించుకుని చూసుకోవడం మంచిది. "అన్‌ఫిట్‌ను ఫిట్ చేయిస్తా, 20 వేలు ఇవ్వు" అనేవాడు మోసగాడే. సౌదీ వెళ్లాక అఖామా కోసం మళ్లీ మెడికల్ ఉంటుంది, దొంగ ఫిట్ అక్కడ దొరికిపోతుంది.

వీసా

నాలుగో ప్రశ్నకు "ఎలక్ట్రీషియన్, కంపెనీ వీసా" అని జవాబు వస్తే, వీసా కాగితం చేతికొచ్చిన రోజు ఆ మాటతో పోల్చి చూడాలి. అందులో వృత్తి అరబిక్‌లో ఉంటుంది. అక్కడ "ఆమిల్" అని, అంటే లేబర్ అని ఉంటే విమానం ఎక్కకముందే ఏజెన్సీకి రాసి అడగాలి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు, చదివి పెడతారు. సౌదీకి ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ వంటి వృత్తుల మీద వీసా కావాలంటే తకామొల్ అనే సంస్థ పెట్టే నైపుణ్య పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. "ఎలక్ట్రీషియన్ వీసా" అంటూనే ఈ పరీక్ష ఊసెత్తకపోతే, వీసా వేరే వృత్తి మీద ఉందేమోనని అనుమానించాలి. ఆ తర్వాత బయోమెట్రిక్స్, కాన్సులేట్ పని ఉంటాయి. వాటి తేదీలు ఏజెన్సీ చెబుతుంది.

"ఆజాద్ వీసా, ఎక్కడైనా పని చేసుకోవచ్చు" అని రాశారంటే ఇక మాట్లాడాల్సింది లేదు. చట్టంలో అలాంటి వీసా లేదు. ఖఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని ఒకరు, పని ఇంకొకరి దగ్గర అంటే పట్టుబడిన రోజు ఖల్లివెల్లి, అంటే అక్రమంగా ఉంటున్న కార్మికుడి కిందే లెక్క.

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్ట్ ఈసీఆర్ కింద, అంటే ఎమిగ్రేషన్ చెక్ అవసరమైన కోవలో ఉంటుంది. సౌదీ వెళ్లాలంటే వాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. ఏజెన్సీ ఒప్పందాన్ని పైన చెప్పిన ఈ-మైగ్రేట్ సైట్‌లో పెట్టాలి, రూ. 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా చేయించాలి. రెండేళ్లకు దాని ప్రీమియం రూ. 275. లేఖకు వచ్చిన జవాబులోని జీతం, ఈ-మైగ్రేట్‌లో పెట్టిన ఒప్పందంలోని జీతం ఒకటేనా అన్నది అడిగి కాపీ తీసుకోండి. పదో తరగతి పాసైనవారికి ఈ క్లియరెన్స్ అక్కర్లేదు. అది సౌకర్యంలా కనిపిస్తుంది కానీ, వాళ్ల ఒప్పందాన్ని ప్రభుత్వం తరఫున చూసేవాళ్లు లేరని కూడా దాని అర్థం. వాళ్లకు ఈ లేఖ ఇంకా ఎక్కువ అవసరం.

డబ్బు, జవాబు రాకపోతే

రిజిస్టర్ అయిన ఏజెన్సీ అభ్యర్థి దగ్గర తీసుకోగల సర్వీస్ చార్జీ గరిష్ఠంగా రూ. 30,000, దానిపై 18 శాతం జీఎస్టీ. అంటే మొత్తం రూ. 35,400. రసీదు ఇవ్వాలి. అంతకు మించి అడిగితే ఆరో ప్రశ్నకు రాతలో జవాబు రాదు, ఫోన్ వస్తుంది. "ఇవన్నీ మెయిల్‌లో ఎందుకు తమ్ముడూ, ఆఫీసుకు రా" అంటారు. వెళ్లండి, వినండి. ఇంటికొచ్చాక అదే ఐడీకి మళ్లీ రాయండి: "ఈ రోజు ఆఫీసులో మీరు మూల వేతనం 1,200, సర్వీస్ చార్జీ ఇంత అని చెప్పారు. ఇందులో తప్పుంటే మూడు రోజుల్లో తెలపగలరు." జవాబు రాకపోయినా, ఏ రోజు ఎవరు ఏం చెప్పారో మీ దగ్గర రాతలో ఉంటుంది.

పాస్‌పోర్ట్ ఇవ్వాల్సి వస్తే తేదీ, సంతకం, ముద్ర ఉన్న రసీదు తీసుకునే ఇవ్వండి. తిరిగి ఇవ్వకపోయినా, చార్జీ మించి అడిగినా హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 1800 11 3090. జాబితాలో అసలు లేని ఏజెంట్ అయితే నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లవచ్చు. ఫిర్యాదుకు లేఖ కాపీ, స్పీడ్ పోస్ట్ రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ సంభాషణ స్క్రీన్‌షాట్లు తేదీల వరుసలో జత చేయండి. ఇవే కాపీలు ఇంట్లో ఒకరి ఫోన్లో కూడా ఉంచండి. సౌదీ చేరాక సమస్య వస్తే ఇక్కడి నుంచి ఫిర్యాదు పెట్టేది వాళ్లే.