ఫొటో చూసి తీర్పు చెప్పే ముందు ముద్ర ఎవరిదో చూడండి

విశాఖలో ఎవరైనా ‘ఫస్ట్ కాపీ’గా కొన్న బూట్ల ఫొటోలు పంపి, ఇవి అసలువా, నకిలీవా, స్ఫూర్తితో చేసినవా అని అడిగితే, ముందుగా వాటిపై ఉన్న బ్రాండ్ ముద్ర ఎవరిదో చూడండి. ఆ ముద్ర హక్కుదారు అనుమతితో చేసిన ప్రతిరూపం వేరు. అనుమతి లేకుండా నమోదిత ముద్రను వేస్తే, అమ్మినవారు దాన్ని రెప్లికా అన్నా, నకలని ముందే నిజాయితీగా చెప్పినా, 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం దృష్టిలో అది నకిలీయే. కొన్నవారు మోసపోలేదు గనుక నైతికంగా తీవ్రత కొంత తగ్గవచ్చు గాని, ముద్ర యజమానికి జరిగిన అన్యాయం తగ్గదు. ఆకారం మాత్రమే పోలి, సొంత పేరుతో వచ్చిన జత స్ఫూర్తితో చేసినది. అయితే ఆ డిజైన్ నమోదై ఉందో లేదో ఫొటోలో కనిపించదు కాబట్టి, దాన్ని చట్టబద్ధమని కూడా తేల్చకండి.

ముద్ర ఉన్న జతకు లోపలి లేబుల్ ఫొటో అడిగి, అందులోని మోడల్ కోడ్‌ను బూటు రంగుతో, రూపంతో పోల్చండి. పెట్టె మారి ఉండవచ్చు గనుక దానిపై ఆధారపడకండి. కోడ్ వేరే మోడల్‌దైతే ‘అసలుకు పొంతన లేదు’ అని రాయవచ్చు. సరిపోయినా అసలని రాయకూడదు, ఎందుకంటే నకిలీ తయారీదారులు నిజమైన కోడ్‌నే ముద్రించగలరు. అప్పుడు ‘కనిపించినంతలో తేడా లేదు’ అన్నదే సరైన తీర్పు. అమ్మినవారి ఉద్దేశం ఫొటోలో ఉండదు కనుక, వారిని మోసగాళ్లని రాయడం న్యాయం కాదు.