గడువు దాటకముందే గడువు పెంచమని అడగడం ఎలా?

గడువు పెంచమని అడిగే ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే జబ్బు. ఎందుకు ఆలస్యమవుతోందో పేజీన్నర ఉంటుంది, ఎప్పటికి ఇస్తారో మాత్రం "వీలైనంత త్వరగా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ఉత్తరం అందుకున్న అధికారి ఫైల్లో ఏం రాసుకోవాలి? ఫలానా తేదీ వరకు అనుమతించాం అని రాయాలంటే ఆయనకు తేదీ కావాలి. మీరు ఇవ్వకపోతే తనే ఏదో ఒకటి వేస్తారు, అది మీకు సరిపోకపోవచ్చు, లేదా కుదరదు అనేస్తారు. క్లయింట్ అయినా అంతే, వాళ్ల పైవాళ్లకు చెప్పుకోవడానికి వాళ్లకూ ఒక తేదీ ఉండాలి.

అందుకే ఉత్తరం రాయడానికి కూర్చునేలోపే చేయాల్సిన పని చాలా ఉంది.

ముందు చూడాల్సింది: ఆ తేదీ ఎవరు పెట్టారు?

నియంత్రణ సంస్థ నుంచి వచ్చిన లేఖలో గడువు ఉంటే అది రెండు రకాల్లో ఒకటి. ఆ అధికారే తన విచక్షణతో "ఈలోగా ఇవ్వండి" అని పెట్టింది కావచ్చు, అలాంటిదాన్ని ఆయన మామూలుగా మార్చగలరు. లేదా చట్టంలోనే రాసి ఉన్నది కావచ్చు. దాన్ని మార్చడం ఆయన చేతిలో ఉండదు, చట్టం ఏదైనా దారి ఇస్తే ఆ దారిలో, అది చెప్పినంత మేరకే పొడిగింపు దొరుకుతుంది. ఫోన్లో ఎంత బతిమాలినా లాభం లేదు, సరైన ఫారం నింపాలంతే.

ఆ దారికి కూడా మళ్లీ ఒక గడువు ఉంటుంది, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌నే తీసుకోండి. ఎవరైనా తమ సమాచారం ఇమ్మని అడిగితే సంస్థ నెలలోపు జవాబివ్వాలి, అభ్యర్థన చిక్కుగా ఉంటే లేదా ఎక్కువ అభ్యర్థనలు ఉంటే ఇంకో రెండు నెలలు తీసుకోవచ్చు, కానీ పొడిగిస్తున్నామనే మాట, దానికి కారణం మొదటి నెలలోపే అడిగినవాళ్లకు చెప్పాలి. రెండో సంగతి, పొడిగింపు దేనికి వర్తిస్తుందో చూసుకోండి. అమెరికాలో వ్యక్తిగత పన్ను రిటర్ను కోసం ఫారం 4868 సమయానికి ఇస్తే దాఖలు చేయడానికి ఆరు నెలలు అదనంగా దొరుకుతాయి, పన్ను కట్టడానికి మాత్రం కాదు, డబ్బు పాత తేదీకే కట్టాలి, లేకపోతే వడ్డీ పడుతుంది.

క్లయింట్ విషయంలో ఇదే ప్రశ్నకు జవాబు కాంట్రాక్టులో ఉంటుంది. తేదీ మారాలంటే ఎవరి సంతకం కావాలి, ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఆలస్యానికి కోత ఉందా అన్న మూడూ వెతకండి. రోజూ మీతో మాట్లాడే ప్రాజెక్ట్ మేనేజర్ "పర్లేదులెండి" అన్నారని ధీమాగా ఉండొద్దు, కాంట్రాక్టు మార్చే అధికారం ఆయనకు ఉండకపోవచ్చు.

తర్వాత: కొత్త తేదీని లెక్కకట్టండి

తేదీని ఊహించొద్దు, లెక్కకట్టాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం.

ఒక చిన్న సంస్థకు నియంత్రణ సంస్థ నుంచి లేఖ వచ్చింది: మూడేళ్ల లావాదేవీలకు సంబంధించి ఏడు రకాల రికార్డులు ఆగస్టు 20, శుక్రవారంలోగా ఇవ్వాలి. ఆగస్టు 11, బుధవారం నాటికి ఐదు సిద్ధమయ్యాయి. మిగిలిన రెండింటిలో మొదటి ఏడాది వివరాలు ఇప్పుడు వాడకంలో లేని పాత సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి, బ్యాకప్ ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గర ఉంది. రెండు రోజుల్లో ఇస్తాం, మూడు రోజుల్లో ఇస్తాం అని వాళ్లు ఫోన్లో నాన్చుతున్నారు.

మొదట చేయాల్సింది ఆ కంపెనీ నుంచి తేదీని రాతలో తీసుకోవడం. "మా ఉత్తరానికి మీ మెయిల్ జతచేస్తాం" అని చెప్పి అడిగితే వాళ్లు కూడా ఆచితూచి చెబుతారు. ఫోన్లో రెండు రోజులన్నది మెయిల్లోకి వచ్చేసరికి ఆగస్టు 24, మంగళవారం అయింది. అదే మంచిది, నిజం తేదీ ఇప్పుడే తెలిసింది.

అక్కడి నుంచి పనిదినాలు లెక్కపెట్టండి. వచ్చిన రికార్డులను బ్యాంకు స్టేట్‌మెంట్లతో సరిచూడటానికి నాలుగు రోజులు, అంటే 25, 26, 27, 30. చూసిన మనిషి కాకుండా ఇంకొకరు పరిశీలించడానికి రెండు రోజులు, 31, సెప్టెంబర్ 1. సంతకానికి ఒక రోజు, సెప్టెంబర్ 2, గురువారం. ఆ సంతకం పెట్టాల్సినాయన ఆ రోజు ఊళ్లో ఉంటారా అని అడిగారా? నవ్వకండి, పనంతా అయిపోయి సంతకం దగ్గర ఆగిపోయిన ఫైళ్లు బోలెడు.

ఇక 2వ తేదీ అని రాసేయొద్దు. వచ్చిన బ్యాకప్ ఒక్కసారికి తెరుచుకోకపోవచ్చు, ఒక నెల వివరాలు మిస్ కావచ్చు. రెండు పనిదినాలు కలపండి, సెప్టెంబర్ 6, సోమవారం. ఇంతే అడగండి. తక్కువ అడిగితే ఒప్పుకుంటారేమో అని మొహమాటానికి 27 అని రాస్తే మళ్లీ రెండోసారి అడగాల్సి వస్తుంది, మొదటిసారి మర్యాదగా విన్నవాళ్లు రెండోసారి అనుమానంగా చూస్తారు. అలాగని నెలన్నర అడిగేసి పదిహేను రోజుల్లో ఇచ్చి మెప్పు కొట్టేద్దామనుకోవడం కూడా తప్పే, లెక్క చూపించమంటే మీ దగ్గర ఏమీ ఉండదు.

ఉత్తరం

అడిగేది మొదటి పేరాలోనే రావాలి. సిద్ధమైన ఐదింటినీ పాత తేదీకే ఇస్తామని కూడా అక్కడే చెప్పండి, ఎందుకంటే అప్పుడు మీరు మొత్తం గడువు పెంచమని అడగడం లేదు, రెండు అంశాలకే అడుగుతున్నారు, ఒప్పుకోవడం వాళ్లకు తేలిక. ఇలా రాయొచ్చు:

> విషయం: జులై 30 నాటి మీ లేఖ – 6, 7 అంశాలకు సెప్టెంబర్ 6 వరకు గడువు కోరుతూ
>
> పై లేఖలో కోరిన ఏడు అంశాల్లో 1 నుంచి 5 వరకు ఆగస్టు 20నే సమర్పిస్తాం. 6, 7 అంశాలకు మాత్రం సెప్టెంబర్ 6, సోమవారం సాయంత్రం 5 గంటల వరకు గడువు ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.
>
> ఈ రెండింటిలో మొదటి ఏడాది రికార్డులు ప్రస్తుతం వాడకంలో లేని సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. బ్యాకప్‌ను ఆగస్టు 24న అందజేస్తామని సంబంధిత కంపెనీ తెలిపింది, వారి మెయిల్ ప్రతిని జతచేశాం. ఆపైన సరిచూడటానికి 4, పరిశీలనకు 2, సంతకానికి 1 చొప్పున ఏడు పనిదినాలు పడతాయి. అనుకోని ఇబ్బందుల కోసం రెండు పనిదినాలు కలిపాం.
>
> బ్యాకప్ అందిందీ లేనిదీ ఆగస్టు 25న మీకు తెలియజేస్తాం. ఈ అభ్యర్థనపై మీ నిర్ణయాన్ని ఆగస్టు 17లోగా తెలియజేయగలరు.

చివర పేరు, హోదా, నేరుగా దొరికే ఫోన్ నంబరు. అంతే, ఇంకేం అక్కర్లేదు. స్టాఫ్ తక్కువ, పని ఎక్కువ, ఈమధ్య ఆరోగ్యం బాగాలేదు లాంటివన్నీ కలిపితే అసలు కారణం పలచబడిపోతుంది. లేని కారణం అసలే రాయొద్దు, రేపు ఏదైనా విచారణ జరిగితే మీ ఫైల్లో మొదట బయటికి తీసేది ఈ కాగితాన్నే.

క్లయింట్‌కైతే ముందు ఫోన్ చేసి, అదే రోజు మెయిల్ పంపండి. చెడు వార్త మొదటిసారి మెయిల్లో చదివితే ఎవరికైనా చిరాకే. ఫోన్లో నీళ్లు నమలకుండా, "20న మొత్తం ఇవ్వలేం, ఐదు భాగాలు 20న, మిగతా రెండు 6న వస్తాయి, దీనివల్ల మీ దగ్గర ఏ పని ఆగుతుంది?" అని అడగండి. ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. ఒక్కోసారి వాళ్లకు 20న నిజంగా కావాల్సింది ఒక్క పట్టికే అయి ఉంటుంది, అది ముందే ఇచ్చేస్తే మిగతాది 6 కాదు, 10న ఇచ్చినా వాళ్లకు పట్టదు. వాళ్లే ఇవ్వాల్సిన సమాచారం లేటుగా ఇచ్చుంటే ఆ సంగతి మెయిల్లో తేదీతో సహా రాయండి, "ఫలానా ఫైలు ఆగస్టు 5న అందింది" అని, అక్కడితో ఆపేయండి. దెప్పిపొడుపు వద్దు, తేదీ ఒక్కటే చాలు.

పంపాక

జవాబు రాలేదంటే ఒప్పుకున్నట్టు కాదు. పోర్టల్లో పెడితే వచ్చే రసీదు మీ అభ్యర్థన అందిందని మాత్రమే చెబుతుంది, మంజూరైందని కాదు. కాబట్టి రాతలో అనుమతి వచ్చేదాకా పాత గడువే ఉందనుకుని పని చేయండి. ఉదాహరణలో 17 దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే 18 ఉదయం ఫోన్ చేసి, మాట్లాడినవాళ్ల పేరు, వాళ్లు చెప్పింది రాసుకుని, అదే మాటను రెండు లైన్ల మెయిల్‌గా పంపాలి. రెండు రోజులు చేతిలో ఉండగానే చేయాలి ఇదంతా, 20 సాయంత్రం చేస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

కుదరదన్నారా? అయినా 20న ఐదు అంశాలూ ఇచ్చేయండి. 6, 7 లో దొరికిన రెండేళ్ల వివరాలు కూడా ఇచ్చి, ఏది లేదో, అది ఎప్పుడు వస్తుందో కవరింగ్ లెటర్‌లో స్పష్టంగా రాయండి. కొంత ఇచ్చి మిగతాది ఫలానా రోజు ఇస్తామనడం వేరు, ఏమీ ఇవ్వకుండా ఊరుకోవడం వేరు. పెనాల్టీ పడే ప్రమాదం అప్పటికీ ఉంటుంది, మొత్తం ఎంతవరకు రావచ్చో ముందే లాయర్‌నో ఆడిటర్‌నో అడిగి పెట్టుకోండి.

ఒప్పుకుంటే అసలు టెన్షన్ 24న ఉంటుంది. ఆ సాయంత్రానికి బ్యాకప్ రాకపోతే మీ ఏడు రోజుల లెక్క వెనక్కి జరగడం మొదలవుతుంది, కలిపి పెట్టుకున్న రెండు రోజులూ దాన్ని భరిస్తాయి, మూడో రోజును భరించవు. అందుకే 25న తెలియజేస్తామన్న మాటను అనుకూలంగా ఉన్నా లేకున్నా నిలబెట్టుకోండి. వచ్చిందనుకోండి, "అందింది, సెప్టెంబర్ 6లో మార్పు లేదు" అని ఒక్క లైన్ చాలు.

6న సమర్పించేటప్పుడు కవరింగ్ లెటర్‌లో అనుమతి లేఖ నంబరు, తేదీ రాసి, దాని ప్రతిని పైనే పెట్టండి. ఫైలు తెరిచేది గడువు ఇచ్చిన అధికారే అవుతారని లేదు, కొత్తగా చూసేవాళ్లకు మొదట కనిపించేది ఆగస్టు 20 అన్న తేదీనే.